చెల్లె పెండ్లికి చుట్టీ: తారీకు మారేటట్టు ఉంటే ఎట్ల అడగాలె?

శుక్రవారం మెస్ హాల్లో నేను మాట్లాడింది రాసి పంపమని గ్రూపులో చాలామంది అడిగిండ్రు. నైట్ డ్యూటీ వల్ల రానివాళ్లు తీరిక ఉన్నప్పుడు చదువుకోండి. నేను చెప్పింది ఒక్క సంగతే. ఊళ్లో తోబుట్టువు పెండ్లి ఉన్నది, కానీ ఆ తారీకు ఎవరిదో వీసా పని అయ్యేదాన్ని బట్టి మారుతది. అప్పుడు ఇక్కడ సౌదీలో చుట్టీ ఎట్ల అడగాలె?

ముందు నా తప్పు చెప్తా. పదకొండేండ్ల కింద మా తమ్ముని పెండ్లి. తొందరపడి నెలన్నర ముందే ఖురూజ్ ఔదా కొట్టించుకున్న. ఫలానా తారీకు లోపల తిరిగి రావాలె అని కాగితం మీద ఉన్నది. నేను అది చూసుకోలే. పిల్ల వాళ్ల అన్న దుబాయిలో ఉంటడు, ఆయన వీసా పని ఆలస్యమై పెండ్లి ఇరవై రోజులు వెనకకు జరిగింది. నా కాగితం మీది తారీకు మాత్రం జరగలే. పెండ్లయిన మూడో రోజే విమానం ఎక్కిన. ఇంట్లో పచ్చ తోరణాలు కూడా ఎండలే.

ఇప్పుడు సూపర్‌వైజర్‌గా నా దగ్గరికి చుట్టీ కాగితాలు వస్తున్నయి. అందుకే రెండు దిక్కులూ తెలుసు. మొదట హక్కు ఎంతో తెలుసుకోండి. సౌదీ కార్మిక చట్టంలో ఏడాదికి కనీసం 21 రోజులు జీతంతో సెలవు. ఒకే కంపెనీలో అయిదేండ్లు నిండితే 30 రోజులు. సొంత పెండ్లికి వేరేగా అయిదు రోజులు ఇస్తరు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పెండ్లికి మాత్రం వేరే సెలవు లేదు. ఏడాది సెలవులోనుంచే వాడుకోవాలె. ఆ సెలవును పని అవసరం ఉంటే 90 రోజుల దాకా వాయిదా వేసే అధికారం కంపెనీకి ఉన్నది. అంటే తారీకు మీద వాళ్ల మాట కూడా చెల్లుతది. ఇండ్లల్లో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్లకు ఈ చట్టం కాదు, వాళ్లకు వేరే నియమాలున్నయి.

మనవాళ్లు చేసే తప్పు ఏందంటే, "సార్, చెల్లె పెండ్లి ఉన్నది, తారీకు ఇంకా తెల్వదు, తెలిస్తే చెప్తా" అంటరు. ఇంజనీర్ చేతిలో స్లాబ్ పోసే తారీకుల చార్ట్ ఉంటది. "తెల్వదు" అన్న మాటను ఆయన ఆ చార్ట్‌లో ఎక్కడ పెట్టుకోవాలె? అందుకే కాదంటడు. ఇంకొందరు భయపడి, అమ్మకు బాగలేదని అబద్ధం చెప్తరు. పెండ్లి ఫోటోలు ఫోన్‌లో స్టేటస్ పెట్టంగనే అది బయటపడుతది. నిజంగా అమ్మకు బాగలేని రోజు ఎవ్వరూ నమ్మరు.

మన పెండ్లి తారీకు రోజురోజూ జరిగేది కాదు, ఎగిరి దుంకేది. జ్యేష్ఠంలో ముహూర్తం తప్పితే ఆషాఢంలో పెండ్లిళ్లు చేయరు, మళ్లీ శ్రావణమే. కాబట్టి నిజానికి మనకు ఉండేది రెండే తారీకులు. ఆ రెండూ చెప్పి అడగాలె.

మా షట్టరింగ్ గ్యాంగ్‌లో జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఇట్లనే చేసిండు. వాళ్ల చెల్లెకు కుదిరిన పిల్లగాడు కువైట్‌లో ఉంటడు. అకామా రెన్యువల్ కానిదే కదలనన్నడు. అయ్యగారు జూన్ 8 ఒకటి, తప్పితే ఆగస్టు 14 అని రెండు ముహూర్తాలు పెట్టిండు. మా తమ్ముడు ముందు ఇంటికి ఫోన్ చేసి, "బాపూ, మే 15 లోపల పిల్లగాని అకామా అయితే జూన్, కాకుంటే ఆగస్టు. అప్పటిదాకా పత్రికలు అచ్చు వేయించొద్దు, ఫంక్షన్ హాల్‌కు అడ్వాన్స్ ఇయ్యొద్దు" అని చెప్పిండు. పిల్లగానివాళ్లను కూడా ఒప్పించిండు. ఆ తర్వాతనే, ఏప్రిల్ నెలలో, చుట్టీ అడిగిండు. అతను రాసి ఇచ్చింది ఇది:

"సార్, నా చెల్లెలి పెండ్లికి 18 రోజుల వార్షిక సెలవు కావాలి. పెండ్లికొడుకు వీసా పని వల్ల తారీకు రెండింట్లో ఒకటి అవుతుంది. మొదటిది జూన్ 1 నుంచి 18 వరకు. అది కాకపోతే ఆగస్టు 7 నుంచి 24 వరకు. ఏదో ఒకటి మే 15న మీకు ఖాయంగా చెప్తాను. రెండింట్లో ఏది అయినా రోజులు పెరగవు. నేను లేనప్పుడు నా పనిని మా గ్యాంగ్‌లో నా జోడీ కార్పెంటర్ చూస్తాడు, అతను ఒప్పుకున్నాడు."

ఇందులో రోజులు మారలే, తారీకులు రెండే, చెప్పే రోజు ఒక్కటే. ఇంజనీర్ చార్ట్ చూసి, జూన్ మొదటి వారంలో స్లాబ్ ఉన్నది, అయినా ఒక్క మనిషిని సర్దుతా అన్నడు. మాట మీద వదలకుండా తమ్ముడు ఆ కాగితం ఫోటో తీసి ఇంజనీర్‌కూ హెచ్.ఆర్.కూ వాట్సాప్ చేసిండు. "ఓకే" అని జవాబు వచ్చేదాకా ఆగిండు. మీరు కూడా ఆ జవాబును దాచుకోండి.

మే 15 వచ్చింది, కువైట్‌లో అకామా కాలే. అదే రోజు పొద్దున ఇంజనీర్‌కు "ఆగస్టు" అని మెసేజ్ పెట్టిండు. మే 22న పిల్లగాని అకామా అయింది. ఇంటి దగ్గర పెద్దలు, "అయింది గదా, జూన్ 8కే చేద్దాం" అన్నరు. వీడు ఇక్కడ మాట ఇచ్చిండు. తన జాగాలో వేరే తమ్మునికి జూన్ చుట్టీ ఇచ్చిండ్రు కూడా. రెండు రాత్రులు ఫోన్‌లో లొల్లి. ఆఖరికి వాళ్ల బాపు, "పిల్ల దోసిట్లో పేలాలు పోసేది అన్నే గదా, వాడు లేకుండ ఎట్ల చేస్తం" అని ఆగస్టుకు ఒప్పుకున్నడు.

ఇగ వీసా సంగతి. తారీకు ఖాయం కాకముందు ఖురూజ్ ఔదా కొట్టించొద్దు. కొట్టినంక వాడకపోయినా ఫీజు తిరిగి రాదు. గడువు లోపల క్యాన్సిల్ చేయించకపోతే జరిమానా కూడా పడుతది. కొట్టించేటప్పుడు "ఫలానా తారీకు లోపల" అనే రకం కాకుండా రోజుల లెక్క రకం అడగండి. రోజుల లెక్క అయితే, వీసా ఇచ్చిన 90 రోజుల లోపల మీరు ఎప్పుడు బయలుదేరితే అప్పటినుంచి రోజులు మొదలైతయి. తారీకు రకం అయితే ఇచ్చిన రోజునుంచే కరుగుతది. నాకు జరిగింది అదే.

ఒక్కసారి పోయి వచ్చే వీసాకు రెండు నెలల దాకా ఫీజు 200 రియాళ్లే. అందుకే మా తమ్ముడు 18 రోజుల చుట్టీకి 30 రోజుల వీసా అడిగిండు. విమానం తప్పినా, జ్వరం వచ్చినా పనికొస్తది. కానీ ఆ మిగిలిన రోజులు చుట్టీ కాదు. వీసా ఉన్నది గదా అని ఊళ్లో ఉండిపోతే గైర్హాజరు రాస్తరు.

మందూబ్ కాగితం ఇచ్చినప్పుడు అక్కడనే చదువుకోండి. Exit Re-Entry అని ఉండాలె. Final Exit అని ఉంటే తిరిగి రాలేరు, వెంటనే సరిచేయించుకోండి. పాస్‌పోర్టుకు కనీసం 90 రోజుల గడువు ఉండాలె. అకామా మీరు తిరిగి వచ్చే తారీకు దాటి ఉండాలె. మా తమ్ముని అకామా సెప్టెంబర్ 1తో అయిపోయేది ఉండె. నేనే హెచ్.ఆర్.కు చెప్పి ముందు రెన్యువల్ చేయించిన. జూలై ఆఖర్లో వీసా చేతికి వచ్చినంకనే టికెట్ కొన్నడు.

ఆగస్టు 24 సాయంత్రం క్యాంపుకు తిరిగి వచ్చిండు. మా రూములకు లడ్డూలు, సకినాలు తెచ్చిండు. ఇంజనీర్ ఒక లడ్డూ తీసుకొని, "వచ్చే ఏడాది ఎవరి పెండ్లి ఉన్నా ఇట్లనే రాసియ్యమను" అన్నడు.

మీ ఇంట్లో పెండ్లి మాటలు నడుస్తుంటే, చుట్టీ కాగితం రాసి ఇచ్చే ముందు నాకు చూపించండి. శుక్రవారం అసర్ తర్వాత నేను మెస్ హాల్లోనే ఉంట.