లో సోడియం ఉప్పు అందరికీ పడదు

బీపీకి మంచిదని కొంటున్న లో సోడియం ఉప్పులో సోడియం కొంత తగ్గించి, పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇది నూటికి 30 పాళ్లుంటే, ఒక చెంచా (5 గ్రాముల) ఉప్పులో రెండు అరటిపళ్లంత పొటాషియం ఉన్నట్టే.

మంచి కిడ్నీలు ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తాయి. కానీ ఇంట్లో అత్తమ్మకు కిడ్నీ జబ్బు ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటోంది అనుకుందాం. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు, ఆ మాత్రా కొంత ఆపేస్తుంది. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ మాత్రలూ అంతే. పొటాషియం పెరిగినా పైకి తెలియకపోవచ్చు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు.

అలాగని మాత్రలు మానొద్దు. అలాంటి ఇంట్లో మామూలు అయోడిన్ ఉప్పే తగ్గించి వండండి. ఉప్పు మార్చాలనుకుంటే ముందు ప్యాకెట్టు, మందుల చీటీ డాక్టరుకు చూపించండి.