చెదిరిన స్లైడులకు మళ్ళీ శీర్షికలు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ నిబంధనల మీద ఎక్కడ సదస్సు జరిగినా తెర మీద స్లైడులు వేసి చెబుతున్నారు. వాటిలోని అక్షరాలను ఎవరో ఒకరు కాపీ చేసి ఫోనులో పంపుతారు. మనం దాన్ని మన పత్రికలో వేసుకుందామని కూర్చుంటే, శీర్షిక ఏదో, దాని కింది అంశం ఏదో, మినహాయింపు ఏదో తెలియకుండా అన్నీ ఒకే వరసలో, ఒకే లావులో కనబడతాయి. అటువంటి కాగితాన్ని మళ్ళీ ఒక క్రమంలోకి తేవడం ఎలాగన్నదే ఈవేళ నేను చెప్పదలచిన విషయం.

క్రమం ఎందుకు పోతుందో ముందు చూద్దాం. స్లైడులో ఒక పంక్తి కాస్త లోపలికి జరిగి, ముందు చుక్క పెట్టుకుని ఉంటుంది. ఆ జరగడం, ఆ చుక్క అక్షరాలు కావు, అలంకరణ. ఉత్త అక్షరాలను మాత్రమే పట్టుకునే చోట అతికించినప్పుడు అలంకరణ రాలిపోతుంది. చిక్కేమిటంటే, స్లైడు తయారుచేసినవారు సగం అర్థాన్ని ఆ అలంకరణలోనే పెడతారు. "ఈ మాట ఫలానా వారికి మాత్రమే" అని వాక్యంగా రాయరు. ఫలానా వారి కింద కాస్త లోపలికి జరిపి ఊరుకుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కేంద్ర ప్రభుత్వ 2021 పెన్షన్ నిబంధనల ప్రకారం కుటుంబ పెన్షన్ గురించి వేసిన స్లైడులు అనుకోండి. (రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్ల నిబంధనలు వేరు. దీన్ని ఉదాహరణగానే తీసుకోండి.) మన చేతికి వచ్చినది ఇలా ఉంది:

```
కుటుంబ పెన్షన్ – ఎంత?
సాధారణ రేటు 30 శాతం
పెంచిన రేటు 50 శాతం
ఉద్యోగంలో ఉండగా మరణిస్తే
10 సంవత్సరాలు
రిటైరైన తర్వాత మరణిస్తే
7 సంవత్సరాలు లేదా 67 ఏళ్ళు
నిండే వరకు, ఏది ముందైతే అది
పెన్షన్ సదస్సు 4
కుటుంబ పెన్షన్ – ఎవరికి?
భార్య / భర్త
పిల్లలు
25 ఏళ్ళు, వివాహం, సంపాదన
ఏది ముందైతే అది
సంపాదించుకోలేని దివ్యాంగ సంతానం
జీవితాంతం
పెన్షన్ సదస్సు 5
కుటుంబ పెన్షన్ – ఎవరికి? కొనసాగింపు
తల్లిదండ్రులు
పైవారు ఎవరూ లేకపోతే
పెన్షన్ సదస్సు 6
80
85
90
95
100
20
30
40
50
100
అదనపు పెన్షన్
పెన్షన్ సదస్సు 7
```

మొట్టమొదట చేయవలసింది పంపినవారిని అసలు ఫైలు అడగడం. పవర్‌పాయింట్ ఫైలు దొరికితే సగం పని అయినట్టే. దాన్ని తెరిచి View కింద Outline View నొక్కితే ఎడమవైపు శీర్షికలు, వాటి కింద అంశాలు మెట్లుమెట్లుగా కనబడతాయి. అయితే అక్కడ అన్నీ రావు. స్లైడు మీద విడిగా పెట్టె గీసి రాసిన మాటలు, పట్టికలు ఆ జాబితాలో కనబడవు. అందుచేత స్లైడును కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఫైలు దొరకకపోతే ఇక మన కాగితంతోనే కుస్తీ పట్టాలి.

కాగితం మీద మొదట పట్టుకోవలసినది మళ్ళీమళ్ళీ వచ్చే పంక్తి. ఇక్కడ "పెన్షన్ సదస్సు 4", "పెన్షన్ సదస్సు 5" అని వస్తోంది. అది స్లైడు అడుగున ఉండే పేరు, సంఖ్య. చాలామంది దాన్ని చెత్త అనుకుని ముందే కొట్టేస్తారు. కొట్టేయకండి. ఒక స్లైడు ఎక్కడ ముగిసిందో చెప్పే సరిహద్దు రాయి అదొక్కటే. అది వచ్చిన ప్రతిచోటా అడ్డగీత గీసుకుని, పని అంతా అయ్యాక తీసేయవచ్చు. అలాగే పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన వాటిలో పంక్తుల ముందు ఒక్కోసారి `§` అనో, `Ø` అనో, విడిగా `o` అనో వింత గుర్తులు వస్తాయి. అవి ఒకప్పటి చుక్కలు, బాణాలే. ఒక మెట్టుకు ఒక గుర్తు, తరువాతి మెట్టుకు మరొకటి వాడటం మామూలు. కాబట్టి ఏ గుర్తు ఏ మెట్టుదో రాసుకున్న తరువాతే వాటిని తుడవాలి. మన ఉదాహరణలో ఆ అదృష్టం కూడా లేదు.

అడ్డగీతలు గీశాక ప్రతి ముక్కకూ శీర్షిక వెతకాలి. సాధారణంగా మొదటి పంక్తే శీర్షిక. కాని చివరి ముక్క చూడండి, "అదనపు పెన్షన్" అనేది అంకెలన్నీ అయ్యాక వచ్చింది. స్లైడులో పైన కనబడేదే ముందు కాపీ అవుతుందన్న భరోసా లేదు. తయారుచేసినవారు శీర్షికను ఆఖరున, విడి పెట్టెలో రాసి ఉంటే అది ఆఖరునే వస్తుంది. ఇక "కొనసాగింపు" అన్నది కొత్త శీర్షిక కాదు. తెర మీద చోటు చాలక విరిచినది. పత్రికలో చోటు చాలదనే బాధ లేదు గనుక తల్లిదండ్రులను తీసుకువెళ్ళి భార్యాభర్తలు, పిల్లలు ఉన్న శీర్షిక కిందే చేర్చాలి. దానితో నాలుగు ముక్కలు మూడు శీర్షికలయ్యాయి: ఎంత, ఎవరికి, అదనపు పెన్షన్.

తరువాత విరిగిన వాక్యాలు. ఇందులో మన తెలుగు మనకు చేసే సాయం ఇంతా అంతా కాదు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. "మరణిస్తే" అని పంక్తి ఆగిందంటే మాట పూర్తి కాలేదు, జవాబు కింది పంక్తిలో ఉందన్నమాట. "67 ఏళ్ళు" తరువాత "నిండే వరకు" వచ్చిందంటే ఆ రెండూ ఒకటే పంక్తి, తెర వెడల్పు చాలక విరిగింది. ఈ కలపడం అయ్యేదాకా మెట్లు ఎక్కించే పని పెట్టుకోకూడదు. సగం వాక్యానికి ఏ మెట్టూ సరిపోదు.

ఇప్పుడు అసలు పని, ఏది దేని కిందిది అన్నది. దీనికి నేను వాడే పరీక్ష ఒకటే. పై మాటను, కింది మాటను కలిపి ఒక పూర్తి వాక్యంగా పైకి చదవాలి. చెవికి కుదరాలి, నిబంధనకూ కుదరాలి. "పెంచిన రేటు 50 శాతం, ఉద్యోగంలో ఉండగా మరణిస్తే 10 సంవత్సరాలు ఇస్తారు." కుదిరింది. "పెంచిన రేటు 50 శాతం, రిటైరైన తర్వాత మరణిస్తే 7 సంవత్సరాలు లేదా 67 ఏళ్ళు నిండే వరకు." ఇదీ కుదిరింది. కాబట్టి ఈ రెండూ పెంచిన రేటుకు బిడ్డలు, ఒకదానికొకటి తోబుట్టువులు. సాధారణ రేటు పెంచిన రేటుకు తోబుట్టువు.

అయితే వాక్యంగా చదివినప్పుడే మరో లోటు కూడా బయటపడుతుంది. 67 ఏళ్ళు ఎవరికి? స్లైడు చెప్పలేదు, ఉపన్యాసకుడు నోటితో చెప్పి ఉంటాడు. నిబంధన ప్రకారం అది మరణించిన పెన్షనరు బతికి ఉంటే ఆయనకు నిండే 67 ఏళ్ళు. ఆయన భార్య వయసు కాదు. 60వ ఏట రిటైరై, సరిగ్గా 64 నిండిన నాడు పోయిన వ్యక్తిని తీసుకోండి. చివరి మూలవేతనం 40,000 రూపాయలు. ఏడేళ్ళు లెక్క వేస్తే 71 దాకా పోతుంది, 67 అంతకన్నా ముందే వస్తుంది. కాబట్టి ఆ ఇల్లాలికి మూడేళ్ళపాటు నెలకు 20,000, ఆ తరువాత 12,000. కరువు భత్యం వీటికి అదనం. "10 సంవత్సరాలు" అన్న పంక్తిని తల్లి నుంచి విడదీసి, అందరికీ వర్తించేదిగా అచ్చు వేస్తే ఆమె పదేళ్ళ లెక్క వేసుకుని కూర్చుంటుంది. నాలుగో ఏట 8,000 తగ్గినప్పుడు బ్యాంకువారితో తగవు పడుతుంది.

పిల్లల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "సంపాదించుకోలేని దివ్యాంగ సంతానం" అన్న పంక్తిని పెట్టడానికి మూడు చోట్లు ఉన్నాయి. "పిల్లలు" పక్కన సమానంగా పెట్టవచ్చు. "పిల్లలు" కింద, 25 ఏళ్ళ పంక్తికి తోబుట్టువుగా పెట్టవచ్చు. లేదా 25 ఏళ్ళ పంక్తి కిందే పెట్టవచ్చు. మొదటి రెండింటిలో ఏది చేసినా అర్థం చెడదు. నాకు రెండోది నచ్చుతుంది, ఎందుకంటే వారూ పిల్లలే కదా. మూడోది మాత్రం ప్రమాదం. 25 నిండగానే ఆ బిడ్డకూ ఆగిపోతుందని చదివినవారు అనుకుంటారు. ఏ తండ్రో అది చదివి, తన తరువాత ఆ బిడ్డకు రావలసిన దాని కోసం కాగితాలు సిద్ధం చేయడమే మానుకోవచ్చు. మినహాయింపును ఎప్పుడూ సాధారణ నియమం పక్కన నిలబెట్టాలి, దాని పొట్టలో పెట్టకూడదు.

తల్లిదండ్రుల దగ్గర "పైవారు ఎవరూ లేకపోతే" అని ఉంది చూశారా! ఏ పైవారు? స్లైడు మీద పైన ఉన్నవారు. చోటు మారాక ఆ మాట గాలిలో వేలాడుతుంది. పైన, కింద, కుడివైపు, ఎర్రరంగులో ఉన్నవి వంటి మాటలు కనబడితే వాటి బదులు పేర్లు రాయాలి. ఇక్కడ "భార్య/భర్త గాని, అర్హత గల పిల్లలు గాని లేకపోతే" అని రాస్తే సరి.

ఇక అంకెల పట్టిక. ఇది నిలువు వరసగా కాపీ అయ్యింది. ముందు వయసులన్నీ, తరువాత శాతాలన్నీ. లెక్కపెడితే పది అంకెలు, అంటే అయిదు జతలు. 80కి 20, 85కి 30, 90కి 40, 95కి 50, 100కి 100. వంద రెండుసార్లు వచ్చిందని ఒకటి కొట్టేస్తే జతలు తెగిపోతాయి. సరిసంఖ్యలో అంకెలు లేకపోతే ఏదో ఒకటి జారిపోయిందని అనుమానించాలి.

అన్నీ కుదిరాక కాగితం ఇలా తయారవుతుంది:

1. కుటుంబ పెన్షన్ – ఎంత?
1.1 సాధారణ రేటు: చివరి మూలవేతనంలో 30 శాతం.
1.2 పెంచిన రేటు: 50 శాతం.
1.2.1 ఉద్యోగంలో ఉండగా మరణిస్తే 10 సంవత్సరాలు.
1.2.2 రిటైరైన తర్వాత మరణిస్తే 7 సంవత్సరాలు, లేదా ఆయనకు 67 ఏళ్ళు నిండవలసిన తేదీ వరకు, ఏది ముందైతే అది.
2. కుటుంబ పెన్షన్ – ఎవరికి?
2.1 భార్య / భర్త.
2.2 పిల్లలు.
2.2.1 25 ఏళ్ళు, వివాహం, సంపాదన, ఏది ముందైతే అంతవరకు.
2.2.2 సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి జీవితాంతం.
2.3 తల్లిదండ్రులు: భార్య/భర్త గాని, అర్హత గల పిల్లలు గాని లేకపోతే.
3. అదనపు పెన్షన్ (వయసుల పట్టిక).

మూడు మెట్లకు మించి దింపకండి. నాలుగోది అవసరమనిపిస్తే అక్కడ ఒక వాక్యం రాయడం మేలు. వర్డులో టైపు చేసేవారు శీర్షికను ఉత్తగా లావు చేసి వదలకుండా Heading 1, Heading 2 అని గుర్తు పెట్టాలి. అప్పుడు Navigation Pane తెరిస్తే శీర్షికలు మాత్రమే జాబితాగా వస్తాయి. వాటిని మాత్రం చదివి విషయం నడక తెలిస్తే మెట్లు సరిగ్గా పడ్డట్టే. కంప్యూటరు దానంతటది వేసే అంకెల కన్నా చేత్తో టైపు చేసిన అంకెలే నాకు ఇష్టం. రేపు ఇదే కాగితాన్ని ఇంకొకరు ఫోనులో అతికించినా 1.2.1 అన్నది అక్షరంగా మిగిలి ఉంటుంది.

మెట్టు తేలని పంక్తి ఒకటో రెండో ఎప్పుడూ మిగులుతాయి. వాటిని ఊహించి ఇరికించకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టి, స్లైడులు వేసినవారికి పంపాలి. "ఇది సరేనా?" అని మొత్తం కాగితం పంపితే సరేనంటారు, చదవరు. "67 ఏళ్ళు ఎవరివి? పైవారు అంటే ఎవరు?" అని రెండు ప్రశ్నలు మాత్రం రాసి పంపండి, జవాబు వస్తుంది.