స్కూల్ టైమ్‌టేబుల్ ఇలా వేయండి: చార్ట్ ముట్టుకునే ముందే లెక్క

టైమ్‌టేబుల్ వేయడం అంటే ఏముంది, గళ్లు గీసి సబ్జెక్టులు రాయడమేగా అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నా. బడిలో చేరిన మొదటి జూన్‌లో హెచ్‌ఎం గారు నా చేతికి చార్ట్, పెన్సిల్ ఇచ్చి "లెక్కల మాస్టారివి కదా, నువ్వే వేసెయ్" అన్నారు. రాత్రంతా కూర్చుని వేశా. సోమవారం మూడో పీరియడ్‌కి హిందీ సార్ కోసం రెండు క్లాసులు ఎదురుచూస్తున్నాయి. ఒక క్లాసులో సార్ ఉన్నారు, రెండో క్లాసులో నలభై మంది పిల్లలు గోల.

నేను చేసిన తప్పు ఏంటంటే, ఆరో తరగతితో మొదలుపెట్టి వరసగా పదో తరగతి దాకా నింపుకుంటూ వెళ్లా. ఈజీగా ఉన్నవి ముందు కూర్చున్నాయి. కష్టమైనవి చివరికి మిగిలాయి, అప్పటికి వాటికి చోటు లేదు. దీన్ని తిరగెయ్యాలి. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

మన బడిలో 6 నుంచి 10 వరకు అయిదు క్లాసులు. వారానికి ఆరు రోజులు, రోజుకి 8 పీరియడ్లు, నాలుగో పీరియడ్ తర్వాత భోజనం. అంటే ఒక్కో క్లాసుకి 48 గళ్లు. ముందుగా ఒక క్లాసుకి అన్ని సబ్జెక్టుల పీరియడ్లూ కూడండి. సరిగ్గా 48 రావాలి. 49 వస్తే ఎన్ని రాత్రులు కూర్చున్నా ఆ టైమ్‌టేబుల్ కుదరదు.

తర్వాత ఒక్కో టీచర్‌కి రెండు అంకెలు రాయండి: ఎన్ని పీరియడ్లు చెప్పాలి, ఎన్ని పీరియడ్లు దొరుకుతారు. లెక్కల సార్ అయిదు క్లాసులకి ఏడేసి చొప్పున 35 చెప్పాలి, 48 దొరుకుతారు. ఇబ్బంది లేదు. ఇప్పుడు హిందీ సార్‌ని చూడండి. ఆయన ఇంకో బడికి కూడా వెళ్తారు కాబట్టి మనకి సోమ, బుధ, శుక్రవారాలే వస్తారు. పైగా బస్సు వల్ల మొదటి పీరియడ్‌కి అందరు. అంటే దొరికేది మూడేడులు 21. చెప్పాల్సింది అయిదు క్లాసులకి నాలుగేసి, 20. చేతిలో మిగిలేది ఒకే ఒక్క పీరియడ్! ఈయన్ని చివరికి వదిలేస్తే పని అయిపోయినట్టే. అందుకే చార్ట్ మీద మొదట రాయాల్సింది హిందీ.

ఒక్కో క్లాసుకి నాలుగు హిందీలు, రోజులు మూడే. కాబట్టి ఏదో ఒక రోజు రెండు హిందీలు పడక తప్పదు. "రోజుకి ఒక్కటే" అని పట్టుబట్టకండి, ఆ రెండూ ఏ రోజు పడాలో మనమే ఎంచుకుందాం. సోమవారం 6, 7 తరగతులకి రెండేసి, మిగతా మూడింటికి ఒక్కోటి: మొత్తం 7. బుధవారం 8, 9 తరగతులకి రెండేసి: మళ్లీ 7. శుక్రవారం పదో తరగతికి రెండు: 6. మొత్తం 20, సరిపోయింది. రెండు వచ్చిన రోజు ఒకటి భోజనానికి ముందు, ఒకటి తర్వాత పెడితే పిల్లలకి విసుగు రాదు.

ఇంకో మాట. ఫస్ట్ పీరియడ్‌లో అటెండెన్స్ వేసేది క్లాస్ టీచరే కదా. ఫస్ట్ పీరియడ్‌కి అందని సార్‌ని క్లాస్ టీచర్‌గా పెట్టకండి. మా బడిలో ఆ తప్పూ జరిగింది.

రెండోది గది. ల్యాబ్ ఒక్కటే. పొద్దున అందులో వేరే క్లాస్ కూర్చుంటుంది కాబట్టి మధ్యాహ్నమే ఖాళీ. 8, 9, 10 తరగతులకి ఫిజికల్ సైన్స్ ఒకసారి, బయాలజీ ఒకసారి ప్రాక్టికల్ కావాలి, ప్రతిసారీ వరసగా రెండు పీరియడ్లు. అంటే ఆరు జంటలు. మధ్యాహ్నం 5-6 ఒక జంట, 7-8 ఇంకో జంట. హిందీ సార్ రాని మంగళ, గురు, శనివారాల్లో సరిగ్గా ఆరు జంటలు దొరుకుతాయి. మంగళవారం 8కి ఫిజికల్ సైన్స్, 9కి బయాలజీ. గురువారం 9కి ఫిజికల్ సైన్స్, 10కి బయాలజీ. శనివారం 10కి ఫిజికల్ సైన్స్, 8కి బయాలజీ. ఏ క్లాసుకీ ఒకే రోజు రెండు ల్యాబులు పడలేదు, హిందీతో గొడవా లేదు.

ఇరుకైనవి రెండూ కూర్చున్నాయి. ఇప్పుడు మిగతావి నింపండి. లెక్కలు వారానికి ఏడు కాబట్టి రోజుకి ఒకటి, ఒక్క రోజు మాత్రం రెండు. ఏ క్లాసుకీ రోజూ ఎనిమిదో పీరియడ్‌లోనే లెక్కలు పడకుండా చూసుకోండి.

ఇదంతా ఫోన్‌లోనే చేయొచ్చు. షీట్‌లో A కాలమ్‌లో సోమ-1, సోమ-2 అంటూ 48 వరసలు, B నుంచి F వరకు అయిదు క్లాసులు. గడిలో సబ్జెక్ట్ కాకుండా టీచర్ కోడ్ రాయండి, ఎందుకంటే ఒకే సార్ రెండు సబ్జెక్టులు చెప్తుంటే సబ్జెక్ట్ పేరు చూసి క్లాష్ పట్టుకోలేం. B2:F49 సెలెక్ట్ చేసి, కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ ఫార్ములా పెట్టి ఎరుపు రంగు ఇవ్వండి.

```
=AND(B2<>"",COUNTIF($B2:$F2,B2)>1)
```

ఒకే పీరియడ్‌లో ఒకే టీచర్ రెండు క్లాసుల్లో పడితే రెండు గళ్లూ ఎర్రబడతాయి. కాలమ్ కింద ఇది రాస్తే లెక్కల సార్‌కి ఆ క్లాసులో ఏడు పడ్డాయో లేదో తెలుస్తుంది.

```
=COUNTIF(B$2:B$49,"MAT")
```

ఎంత జాగ్రత్తగా వేసినా చివర్లో ఒకటి రెండు ఇరుక్కుంటాయి. ఏడో తరగతికి గురువారం ఆరో పీరియడ్ ఖాళీ, ఒక లెక్కల పీరియడ్ మిగిలింది. కానీ అప్పుడు లెక్కల సార్ ఎనిమిదో తరగతిలో ఉన్నారు. అప్పుడు మొత్తం చెరిపేయకండి. ఎనిమిదో తరగతి గురువారం వరసలోకి వెళ్లి ఆరో పీరియడ్ లెక్కల్ని, మూడో పీరియడ్ సోషల్‌ని తారుమారు చేయండి. రెండే ప్రశ్నలు: మూడో పీరియడ్‌లో లెక్కల సార్ ఖాళీయా? ఆరో పీరియడ్‌లో సోషల్ మేడం ఖాళీయా? రెండూ అవును అయితే ఏడో తరగతికి సార్ దొరికేశారు. మేడం ఆరో తరగతిలో ఉంటే అక్కడ కూడా ఆ రోజే ఒక మార్పిడి వెతకండి. మార్చేది ఒకే క్లాసులో, ఒకే రోజులో అయితే ఆ రోజు సబ్జెక్టుల లెక్క మారదు, కాబట్టి మనం కష్టపడి సమంగా పంచింది చెడదు.

చివరిగా లీజర్ పీరియడ్లు చూడండి. పీడీ సార్‌తో కలిపి మన టీచర్లు ఎనిమిది మంది. క్లాసులు అయిదు కాబట్టి ఒక పీరియడ్‌లో ముగ్గురే ఖాళీ, హిందీ సార్ రాని రోజూ, ఆయన అందని మొదటి పీరియడ్‌లోనూ ఇద్దరే. ఆయన రాని రోజుల్లో ఇద్దరు సెలవు పెడితే మిగతా అయిదుగురికీ ఒక్క లీజర్ కూడా మిగలదు. ఇది టైమ్‌టేబుల్ మార్చి తీర్చగలిగేది కాదు. ఆ సంగతి హెచ్‌ఎం గారికి ముందే చెప్పండి, మంగళ, గురు, శనివారాల్లో ఒకేసారి ఇద్దరికి సెలవు ఇవ్వకుండా ఆయన చూసుకుంటారు.

మీ బడిలో అందరికంటే ఇరుకైన టీచర్ ఎవరో, ఎన్నింటికి ఎన్ని దొరుకుతారో కామెంట్‌లో ఆ రెండు అంకెలూ రాయండి.