కాలువ గట్టున తెల్లకొంగ



పక్షులను గుర్తించడం నేర్చుకోదలచినవారు సాధారణంగా ముందుగా ఒక చిత్రాల పుస్తకం కొని, మొదటి పుట నుండి తిరగవేయనారంభిస్తారు. భారత ఉపఖండంలో పదమూడు వందలకు పైగా పక్షిజాతులున్నాయి. అన్నిటినీ చూపే గ్రంథం ఎదుట కొత్తవారు బెదరడం సహజమే. కనుక నేను నేడు మన వ్యాసర్పాడి గుండా పోయే కెప్టెన్ కాటన్ కాలువ గట్టున నిలిచే తెల్లకొంగను గురించి మాత్రమే మాట్లాడుతాను.

మనం తెల్లకొంగ అని ఒకే పేరుతో పిలిచే పక్షి నిజానికి నాలుగు జాతులు. పుస్తకాలలో వాటిని క్యాటిల్ ఎగ్రెట్, లిటిల్ ఎగ్రెట్, ఇంటర్మీడియట్ ఎగ్రెట్, గ్రేట్ ఎగ్రెట్ అంటారు. మన ప్రాంతంలో తరచుగా ఎదురయ్యేవి మొదటి రెండు. పశువుల వెంట నడుస్తూ, వాటి కాళ్ళ అదురుకు ఎగిరే పురుగులను ఏరుకు తినేది క్యాటిల్ ఎగ్రెట్. కొడుంగైయూరు చెత్తదిబ్బల వంటి చోట ఈగలను తినడానికి కూడా అది చేరుతుంది. దాని ముక్కు పసుపు, మెడ పొట్టి. లిటిల్ ఎగ్రెట్ ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు. ఇది ప్రధానంగా నీటిలో చిన్నచేపలను, నీటిపురుగులను వేటాడుతుంది.

పుస్తకం ఇంతవరకు చక్కగా చెబుతుంది. చిక్కు కాలువ దగ్గర మొదలవుతుంది. చిత్రకారుడు పక్షిని శుభ్రంగా, పక్కవాటుగా, పాదాలతో సహా చూపుతాడు. మన కాలువలో పక్షి నల్లని బురదలో నిలుచుంటుంది. ఆ పసుపు పాదాలు మడమ వరకు మునిగి ఉంటాయి, పైకి తీసినా బురద అంటుకొని నల్లగానే కనిపిస్తాయి. పాదాలు నలుపు గనుక ఇది ఇంటర్మీడియట్ ఎగ్రెట్ అని కొత్తవారు నిర్ణయిస్తారు. అందుచేత పాదాలను పక్కన పెట్టి ముక్కును చూడాలి. ఇంటర్మీడియట్ ఎగ్రెట్ ముక్కు సాధారణ దినాలలో పసుపే. అయితే గూడు కట్టే కాలంలో అది నల్లబడుతుంది. అదే కాలంలో క్యాటిల్ ఎగ్రెట్ తల, మెడ నారింజరంగుకు తిరుగుతాయి. లిటిల్ ఎగ్రెట్ తల వెనుక సన్నని పొడవాటి ఈకలు రెండు వేలాడుతాయి. రంగు ఒక్కటే నమ్మదగిన సాక్ష్యం కాదనడానికి ఇదే కారణం.

రంగు తర్వాత చూడవలసినది పరిమాణం. సలీం అలీ 1941లో ప్రచురించిన భారతీయ పక్షుల గ్రంథం ఇందుకు ఒక సులభమైన మార్గం చూపింది. పక్షి పొడవును కొలతలతో కాక, పిచ్చుక, గోరింక, కాకి, గద్ద, నాటుకోడి వంటి ఎరిగిన పక్షులతో పోల్చి అందులో తెలిపారు. కాలువ దగ్గర కాకికి కొదువ లేదు. కొంగ పక్కన కాకి వాలిన క్షణం కోసం కాచుకొని ఉంటే, దూరం వల్ల కలిగే భ్రమ తొలగిపోతుంది. గ్రేట్ ఎగ్రెట్ కాకి కంటె ఎంతో ఎత్తు, క్యాటిల్ ఎగ్రెట్ అంత ఎత్తు కాదు. పెద్ద కొంగలు రెండింటి మధ్య సందేహం వస్తే నోటి చీలికను చూడండి. గ్రేట్ ఎగ్రెట్‌కు అది కంటి వెనుక దాకా సాగుతుంది, ఇంటర్మీడియట్‌కు కంటి కిందనే ఆగుతుంది. దీనికి మాత్రం దూరదర్శిని కావాలి.

ఇక మూడవ సాక్ష్యం నడవడి. లిటిల్ ఎగ్రెట్ ఒక పాదాన్ని బురదలో వణికించి, దాగిన జీవాలను బయటికి తోలుతుంది. ఈ పని చూస్తే పాదాల రంగు కనిపించకపోయినా సందేహం చాలావరకు తీరుతుంది.

ఈ తేడా ఎందుకని మీరు అడగవచ్చు. గట్టుమీద పురుగులు ఏరుకునే కొంగ కాలువ నీటిని గురించి మనకేమీ చెప్పదు. నీటిలో నిలిచి చేపను పట్టి మింగిన కొంగ, ఆ మురికినీటిలో ఇంకా ప్రాణమున్నదని చెబుతుంది. ఊరికే నిలుచున్నది మాత్రం సాక్ష్యం కాదు, అది విశ్రాంతి తీసుకుంటూ ఉండవచ్చు.

కనుక చూసిన వెంటనే పేరు రాయకండి. “ఉదయం 6.30, వంతెన దిగువ, కొంగ ఒకటి, ముక్కు నలుపు, పాదాలు బురదలో, రెండుసార్లు మింగింది, ఏమిటో కనిపించలేదు” అని రాయండి. పుస్తకం ఇంటికి వెళ్ళి తెరవండి. చేతిలో పుస్తకముంటే బొమ్మలో ఉన్నదే పక్షిలోనూ కనిపిస్తుంది. మన చెన్నపట్నం వారైన ఎం. కృష్ణన్ 1950 నుండి 1996లో మరణించేవరకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతి శీర్షిక నడిపారు. అడవిజంతువులతో పాటు ఇంటి చుట్టూ తిరిగే సామాన్య పక్షులను గురించి కూడా రాశారు. ఆయన వ్యాసాలు జాతిని గుర్తించడానికి పనికిరావు, పుస్తకం విడిచిపెట్టే నడవడిని గమనించడం మాత్రం నేర్పుతాయి. నా మటుకు ఈ రెండూ పక్కపక్కన ఉండాలి.

ఒక నెలపాటు ఒకే వంతెన దగ్గర, ఒకే వేళకు రాసిన అటువంటి పంక్తులు ముప్పై ఉంటే, మింగిన దినాలెన్ని, ఊరికే నిలుచున్న దినాలెన్ని అని లెక్కించవచ్చు. వాన కురిసిన మరునాటి పంక్తులను వేరుగా గుర్తుపెట్టండి. వరదనీటితో చేపలు కొట్టుకొని రావచ్చు గనుక, ఆ దినాలను మిగతా వాటితో కలిపి లెక్కించకూడదు.