రక్తదాన శిబిరం పోస్టరుపై ఏ గుర్తు?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో రక్తదాన శిబిరం పెడితే పోస్టరు మీద ఏ బొమ్మ వేస్తారు? చాలామంది ఎర్ర శిలువ వేసేస్తారు. అది వైద్యానికి గుర్తు కాదు. యుద్ధంలో గాయపడ్డవారికి సేవ చేసేవారి రక్షణ కోసం 1864 జెనీవా ఒప్పందం ఇచ్చిన చిహ్నం. మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం దాన్ని అనుమతి లేకుండా వాడకూడదు.

ఆ శిలువకు మతార్థం ఉండాలని ఎవరూ తలచలేదు. అయినా 1876లో ఒట్టోమన్ ప్రభుత్వం, తమ ముస్లిం సైనికుల మనసు అది నొప్పిస్తుందని, ఎర్ర నెలవంకను ఎంచుకుంది. ఉద్దేశం ఒకటి, చూసే కంటికి తోచేది మరొకటి. చివరికి 2005లో ఏ మతానికీ చెందని ఎర్ర స్ఫటికాన్ని, అంటే మూల మీద నిలబెట్టిన చతురస్రాన్ని, అదనపు గుర్తుగా ఒప్పుకున్నారు. అదీ రక్షిత చిహ్నమే, మనకు పనికిరాదు.

మన పోస్టరుకు ఒక్క రక్తపు చుక్క చాలు. పక్కన దీపమో, నెలవంకో, నక్షత్రమో చేరిస్తే కొందరు ఇది తమ కోసం కాదనుకుంటారు. రక్తం ఇచ్చాక పెట్టే పలహారం బొమ్మ కావాలంటే, కొందరు తినని గుడ్డు వద్దు, అరటిపండు వేయండి.

తేదీ కూడా ఒక గుర్తే. ఉపవాసంలో ఉన్నవారు రక్తం ఇవ్వకూడదు. కార్తీక సోమవారమో, రంజాన్ నెల పగటిపూటో శిబిరం పెడితే బొమ్మ ఎంత తటస్థంగా ఉన్నా కొందరు రాలేరు.

అచ్చుకు పంపే ముందు వేరే మతానికి చెందిన పొరుగువారికి చూపించి, ఇది ఎవరి కోసమనిపిస్తోందో అడగండి.