చీటీ లెక్క: ప్రతి నెలా ఒక గీత గీయండి

కమ్మింగ్‌లో మన అపార్ట్‌మెంట్లలో చీటీ లేని చోటు తక్కువే. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇక్కడ క్రెడిట్ ఉండదు, ఊళ్ళో అప్పు తీర్చాలి, అందుకని చీటీలో చేరతాం. మేమూ చేరాం, నడిపాం, దెబ్బా తిన్నాం. ఆ లెక్కే ఇవాళ చెప్తాం.

20 మంది, నెలకి 500 డాలర్లు, 20 నెలలు అనుకుందాం. చీటీ మొత్తం 10,000. నడిపేవారి కమీషన్ 5 శాతం, అంటే 500. మూడో నెల పాటలో ఒకాయన 2,400 తగ్గించుకుని పాడుకున్నారు. ఆయన చేతికొచ్చేది 7,600. తగ్గిన 2,400లో ముందుగా కమీషన్ 500 తీసేస్తే మిగిలేది 1,900. దాన్ని 20 మందికీ పంచితే తలా 95. అంటే ఆ నెల ఒక్కొక్కరు కట్టాల్సింది 405.

ఇప్పుడు పుస్తకంలో గీత గీసి సరిచూడండి. ఇరవై 405లు 8,100. పాడుకున్నాయనకి 7,600, కమీషన్ 500, అవీ 8,100. రెండు వైపులూ కలిస్తే ఆ నెల లెక్క సరే. కలవకపోతే మూడు చోట్ల చూడండి: కమీషన్ తీయకుండానే తగ్గింపు పంచారా, పాడుకున్నాయన్ని పంపకంలో లెక్కేసుకున్నారా లేదా, ఎవరైనా 500 కట్టి 95 వెనక్కి తీసుకోలేదా. రెండో దాని మీదే గొడవలెక్కువ. కొన్ని చీటీల్లో పాడుకున్నవాళ్ళకి డివిడెండ్ ఇవ్వరు. అదీ ఒక పద్ధతే, కానీ మొదటి నెలే రాసుకోవాలి.

పాట ఎంతకి పోయింది, ఎవరు పాడుకున్నారు, ఎవరెవరు ఉన్నారు అన్నది ఆ రోజే రాసి, ఉన్నవాళ్ళ చేత సంతకం పెట్టించండి. మన దేశంలో 1982 చిట్ ఫండ్స్ చట్టం పాట మినిట్స్ పుస్తకం, రోజువారీ లెక్క, ఒక్కొక్కరి ఖాతా విడివిడిగా ఉంచమంటుంది. ఆ చట్టం ఇక్కడి చీటీలకి వర్తించదు గానీ పద్ధతి మాత్రం మనకీ పనికొస్తుంది. ఫోన్‌లో వచ్చిన జెల్ మెసేజ్‌లు పుస్తకం కాదు, అవి రసీదులు మాత్రమే.

ఇక దెబ్బ తిన్న సంగతి. మా చీటీలో మూడో నెల పాడుకున్న ఒకరికి తొమ్మిదో నెలలో ఉద్యోగం పోయింది. వేరే రాష్ట్రం వెళ్ళారు, పదో నెల నుంచి కట్టలేదు. పదో నెల పాట 1,500కి పోయింది, తలా 450 కట్టాలి. వచ్చింది 19 మంది దగ్గర్నుంచి 8,550. పాడుకున్నవారికి 8,500, కమీషన్ 500, కావాల్సింది 9,000. లోటు 450. నడిపే అక్క మొహమాటపడి తన కమీషన్‌లోంచి ఆ 450 సర్దేసి, ఆ పేరు ఎదురుగా 'కట్టారు' అని రాసేశారు. అదీ తప్పు. తరవాత అడిగితే ఆయన, 'మీ పుస్తకంలోనే కట్టినట్టుంది కదా' అన్నారు! అలాంటప్పుడు ఆ పేరు ఎదురుగా 'బాకీ 450' అని, కింద 'నడిపేవారు సర్దినది 450' అని రెండు వరసలు రాయాలి.

ఆ కమీషన్ ఎంతో చూడండి. 20 మంది చీటీలో 5 శాతమంటే సరిగ్గా ఒక మనిషి నెల వాటా, 500. అంటే ఒకరు ఎగ్గొడితే నడిపేవారు తట్టుకోగలరు, ఆవిడకి మిగిలేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు. ఇద్దరు ఎగ్గొడితే కమీషన్ సరిపోదు. అప్పుడు ఆవిడ సొంత డబ్బు పెట్టాలి, లేదా పాట ఆగాలి. దేశంలో 2019 సవరణతో కమీషన్ గరిష్ఠంగా 7 శాతం చేశారు. అదైనా ఇద్దరికి సరిపోదు.

అందుకని పుస్తకంలో ఇంకో వరస ఉంచమంటాం: 'పాడుకున్నవాళ్ళు ఇంకా కట్టాల్సింది'. మూడో నెల పాడుకున్న వ్యక్తికి ఇంకా 17 నెలలున్నాయి, 500 చొప్పున 8,500. డివిడెండ్ వల్ల కొంత తగ్గుతుంది గానీ భద్రత చూసేటప్పుడు పూర్తి మొత్తమే లెక్కేయాలి. ఆయనకిచ్చింది 7,600, ఆయన మీదున్న భారం 8,500! ఇంత అప్పు ఇచ్చేటప్పుడు హామీ అడగొద్దా? దేశంలో చట్టం ప్రకారం హామీ తీసుకున్నాకే డబ్బిస్తారు. మనం మొహమాటానికి అడగం. ఇప్పుడు మా చీటీలో ఇంకా పాడుకోని సభ్యుడు ఒకరు పూచీ సంతకం పెడితేనే డబ్బు చేతికిస్తున్నాం. ఆయన ఇంతవరకు కట్టింది మన దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ పూచీకి విలువుంటుంది.

నడిపేవాళ్ళకి మరో మాట. మీ ఖాతాలోకి నెలకి వచ్చే 8,000, 9,000 మీ ఆదాయం కాదు, కమీషన్ మాత్రమే ఆదాయం. దాన్ని పన్ను లెక్కలో చూపాలి. చీటీకి విడిగా బ్యాంకు ఖాతా ఉంచుకుంటే ఏది ఏదో చూపించడం తేలిక. వర్క్ వీసా మీదున్నవాళ్ళు కమీషన్ తీసుకునే ముందు లాయరుని అడగండి.

పాత పుస్తకం ఒకటి తెచ్చాం. పేర్లు కొట్టేసి ఇక్కడ బల్ల మీద పెట్టాం, పదో నెల పేజీ తెరిచి చూడండి.