యాభై ఎనిమిది బాక్సుల స్లైడు
(మేనేజర్ల శిక్షణ కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

ఖరగ్‌పూర్‌లోని మా ఇందా బ్రాంచి నుంచి వచ్చాను. స్లైడ్ల గురించి మాట్లాడమంటే, నాకు తలవంపులు తెచ్చిన స్లైడు గురించే మాట్లాడతానన్నాను. ఒప్పుకున్నారు.

మా ఖాతాదారుల్లో ఒక పెద్దాయన ఉన్నారు. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈయన ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతారు. పదకొండు మందితో మొదలుపెట్టి 58 మందికి పెంచారు. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ పెంచమని అడిగారు. ప్రపోజల్‌తో పాటు సంస్థ ఆర్గనైజేషన్ చార్ట్ కూడా కావాలంటే, వాళ్ళబ్బాయి ఒక స్లైడు గీసి పంపాడు. 58 మంది, 58 బాక్సులు, ప్రతి బాక్సులో పేరు. నేను దాన్ని అలాగే పెట్టేశాను.

కమిటీలో ఒకాయన అడిగారు: "మేనేజర్‌గారూ, ఇందులో బిల్లు పాస్ చేసేదెవరు?" తెర దగ్గరికి వెళ్ళి కళ్ళు చికిలించి చూశాను. నా స్లైడు నాకే కనబడలేదు. ఫైలు వెనక్కి వచ్చింది.

ఎందుకు కనబడలేదో ఆ రాత్రి లెక్క వేశాను. ఇప్పుడు మనం వాడే వెడల్పు స్లైడు 33.87 సెంటీమీటర్లు, ఎత్తు 19.05. అంచులు వదిలితే అడ్డంగా 31 సెంటీమీటర్లు మిగులుతుంది. అబ్బాయి కింది వరుసలో కార్మికులందరినీ పక్కపక్కనే పెట్టాడు. కటింగ్‌లో 6, వెల్డింగ్‌లో 14, మెషిన్ షాపులో 9, పెయింటింగ్‌లో 5, మొత్తం 34. ఒక్కొక్కరికి సెంటీమీటరు కూడా రాలేదు. అందులో వెంకట సత్యనారాయణమూర్తి లాంటి పేరు పట్టాలంటే అక్షరం చీమంత కావాల్సిందే. సంస్థ పెరిగినప్పుడు చార్టు కిందికి పెద్దగా పెరగదండీ, పక్కలకు పెరుగుతుంది. స్లైడు వెడల్పు మాత్రం పెరగదు.

సాఫ్ట్‌వేర్‌కి వదిలేసినా ఇదే తంటా. Insert లో SmartArt, అందులో Organization Chart తీసుకుని బాక్సులు చేర్చుకుంటూ పోతే, అది అక్షరాలను తనంతట తానే తగ్గిస్తుంది, అదీ అన్ని బాక్సుల్లో కలిపి. మనకు తెలియకుండానే 18 పాయింట్లు 7 అవుతాయి. చార్టు చెడిపోతోందనడానికి మొదటి గుర్తు అదే. 12 కంటే కిందికి దిగితే అక్కడే ఆపి ఆలోచించాలి. ఇంకో పరీక్ష: స్లైడును A4 కాగితం మీద ప్రింట్ తీసి నేల మీద పెట్టి, నిలబడి చదవండి. వంగాల్సి వస్తే పనికిరాదు.

మర్నాడు యూనిట్‌కి వెళ్ళి పెద్దాయనతో కూర్చుని తెల్ల కాగితం మీద మళ్ళీ గీశాం. ముందు పేర్లు తీసేసి పోస్టులు రాశాం. పేరు రెండో వరుసలో, చిన్నగా, ఉండాల్సిన చోటే. మనుషులు మారతారు, పోస్టులు కొంతకాలం నిలుస్తాయి. పేరు మారినప్పుడల్లా చార్టు మొత్తం గీయక్కర్లేదు.

తరవాత, ఒకే పని చేస్తూ, ఒకరి కిందే ఉండి, తమ కింద ఎవరూ లేనివాళ్ళను కలిపేశాం. పధ్నాలుగు మంది వెల్డర్లకు పధ్నాలుగు బాక్సులు ఎందుకు? వెల్డింగ్ సూపర్‌వైజర్ బాక్సులోనే రెండో వరుసగా "వెల్డర్లు 14" అని రాస్తే సరిపోతుంది. సంతకం చేసే అధికారం ఉన్నవాళ్ళను మాత్రం ఎప్పుడూ ఇలా కలపకూడదు. అలా చూస్తే యజమాని ఒకటి, విభాగాధిపతులు ఆరు, ఉత్పత్తిలో సూపర్‌వైజర్లు నలుగురు. మొత్తం 11 బాక్సులు.

ఆరు బాక్సులు అడ్డంగా పెడితే ఒక్కోదానికి ఖాళీతో కలిపి అయిదు సెంటీమీటర్ల పైనే వస్తుంది, 14 పాయింట్ల అక్షరం హాయిగా పడుతుంది. సూపర్‌వైజర్లను మళ్ళీ అడ్డంగా పరచకుండా ఉత్పత్తి అధిపతి కింద నిచ్చెన మెట్లలా వేలాడదీశాం. SmartArt లో అయితే ఆ అధిపతి బాక్సును ఎంచుకుని, SmartArt Design లో Layout కింద Right Hanging నొక్కితే చాలు. మిగతా అయిదు విభాగాల కింద స్థలం ఖాళీగా ఉంటుంది. అక్కడ లోగోలూ ఫొటోలూ పెట్టకండి, రేపు పెరిగే బాక్సులకు అది కావాలి.

ఇక అసలు సంగతి. పోస్టులు రాస్తూ రాస్తూ అకౌంట్స్ దగ్గరికి వచ్చాం. పాత చార్టులో ముగ్గురు అసిస్టెంట్ల బాక్సుల నుంచి గీతలు నేరుగా యజమానికి వెళ్ళాయి.

"అకౌంట్స్‌కి పెద్ద ఎవరండీ?" అన్నాను.

"ప్రత్యేకంగా ఎవరూ లేరు మేనేజర్‌గారూ. మా బామ్మర్దే చూసుకుంటాడు."

బామ్మర్దిగారి పేరు అప్పటికే కొనుగోళ్ళు, స్టోర్స్ బాక్సులో రాసి ఉంది. అంటే సరుకు ఆర్డరిచ్చేదీ, వచ్చిందని సంతకం పెట్టేదీ, డబ్బు చెల్లించేదీ ఒక్క చెయ్యే. ఆయన మంచివాడే కావచ్చు, నేను అనుమానించలేదు. కానీ కమిటీ అడిగిన ప్రశ్నకు జవాబు అదే. మనిషికో బాక్సు చొప్పున గీసిన చార్టులో ఆయన పేరు ఒక్కసారే వచ్చింది, కాబట్టి ఎవరికీ పట్టుబడలేదు. పోస్టుకో బాక్సు గీస్తే రెండుసార్లు రాయక తప్పలేదు. అకౌంట్స్ అధిపతి బాక్సుకు చుక్కల అంచు వేసి, "ఖాళీ, ఇన్‌ఛార్జి: కొనుగోళ్ళ అధిపతి" అని రాశాం. చార్టులో రంగు కూడా ఆ ఒక్క బాక్సుకే వాడాం. విభాగానికో రంగు వేస్తే చూసేవాడు రంగుల అర్థం వెతుక్కుంటాడు.

పెద్దాయన ఆ కాగితాన్ని కాసేపు చూసి, "ఇది రాసిస్తే లిమిట్ ఇస్తారా?" అన్నారు. దాచి ఇస్తే నేను సంతకం పెట్టలేనన్నాను. నెల తిరిగేలోగా ఆడిటర్ ఆఫీసులో పనిచేసిన ఒకమ్మాయిని అకౌంట్స్ అధికారిగా తీసుకున్నారు. ప్రపోజల్ అప్పుడు కదిలింది.

రైల్వే ఊరు నుంచి వచ్చాను కాబట్టి ఒక రైల్వే ముచ్చట. తొలి ఆర్గనైజేషన్ చార్టని చాలామంది చెప్పేది 1855 నాటిది. అమెరికాలో న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్ జనరల్ సూపరింటెండెంట్ డేనియల్ మెకాలమ్ ఆలోచన, హెన్‌షా అనే ఇంజనీరు చేతి గీత. యాభై మైళ్ళ లైనును ఒక సూపరింటెండెంటు స్వయంగా చూసుకోగలడు, అయిదు వందల మైళ్ళయితే అది చాలదని మెకాలమ్ తన నివేదికలో రాశాడు. ఆ చార్టు చెట్టులా ఉంటుంది. డైరెక్టర్లు అడుగున వేళ్ళ దగ్గర, లైన్లు కొమ్మలై పైకి, పక్కలకు పోతాయి. అందరినీ ఒక వరుసలో నిలబెట్టలేదు, ఏ కొమ్మ ఎంత పెరిగితే అంత చోటిచ్చాడు. అయితే అది దగ్గర కూర్చుని చూసుకునే పెద్ద కాగితం. మన స్లైడును వెనక వరుసలోవాళ్ళు కూడా చదవాలి. అందుకని కొమ్మ మరీ పెరిగితే మనం నరికి ఇంకో స్లైడులో నాటాలి.

ఎప్పుడు నరకాలో కూడా లెక్కే. శీర్షికకూ పై రెండు వరుసలకూ ఎనిమిది సెంటీమీటర్లు పోతుంది. వేలాడే ఒక్కో బాక్సుకు ఖాళీతో కలిపి రెండు. నాలుగు బాక్సులు సుఖంగా ఉంటాయి, అయిదోది ఇరుక్కుంటుంది, ఆరోది స్లైడు దాటిపోతుంది. పెద్దాయన రెండో షెడ్డు వేసి మరో ఇద్దరు సూపర్‌వైజర్లను పెట్టినప్పుడు సరిగ్గా అదే జరిగింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "అంకుల్, అక్షరాలు చిన్నవి చేసెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. మొదటి స్లైడులో ఉత్పత్తి బాక్సు ఒక్కటే ఉంచి, అందులో సెక్షన్లెన్నో, మనుషులెందరో, ఏ స్లైడు చూడాలో రాయించాను. రెండో స్లైడులో అదే బాక్సును అదే పేరుతో నెత్తిన పెట్టి, కింద ఆరుగురు సూపర్‌వైజర్లను పరిచాడు. మొన్నటి రివ్యూకి ఆ రెండు స్లైడులే వచ్చాయి. మూలన తేదీ కూడా వేశాడు, అది నేను చెప్పలేదు.